ఆఖరి బస్సు చూసి ఉద్యోగం

శ్రోతలకు నమస్కారం. గజపతినగరంలో బీకాం చదివి, ట్యాలీ నేర్చుకున్న అమ్మాయి ఒకరున్నారనుకుందాం. ఊళ్లో చాలా షాపుల్లో లెక్కలు ఓనరే రాసుకుంటాడు. పని కావాలంటే విజయనగరం వెళ్లాల్సిందే. పొద్దున్న బస్సులకి ఇబ్బంది లేదు. సాలూరు, పార్వతీపురం వైపు నుంచి వచ్చేవి ఈ ఊరి మీదుగానే పోతాయి. ఆ ధైర్యంతో చాలామంది ఉద్యోగం ఒప్పేసుకుని, నెల తిరక్కుండా మానేస్తారు. చిక్కంతా రాత్రి తిరిగి రావడంలో ఉంది.

బట్టల షాపే తీసుకోండి. రాత్రి తొమ్మిదింటికి షట్టర్ దించుతారు. దించాక విప్పిన చీరలన్నీ మడతపెట్టాలి. ఆ తర్వాత ఆటో దొరికి కాంప్లెక్సుకి చేరేసరికి ఎంతవుతుందో, అప్పుడు బస్సు ఉందో లేదో!

అందుకే పని వెతికేముందు ఒక సాయంత్రం కాంప్లెక్సుకి వెళ్లి కంట్రోలర్‌ని అడగమంటాను. ఆఖరి బస్సు ఎన్నింటికి? ఇక్కడే బయల్దేరుతుందా, విశాఖ నుంచి వస్తుందా? విశాఖ నుంచి వచ్చేదైతే ట్రాఫిక్‌ని బట్టి ఆలస్యమవుతుంది, నిండిపోయి కూడా రావచ్చు. ఆదివారం నడుస్తుందా? ఇవి తెలిశాక, ఆఖరి దానికి ముందున్న బస్సునే మీ బస్సు అనుకోండి. అది తప్పినా ఇంకొకటి ఉంటుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. షాపులో జీతం 11 వేలు, ఆడిటర్ ఆఫీసులో 10 వేలు అనుకుందాం. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకి జీరో టికెట్ ఇస్తున్నారు. ఇక మిగిలింది ఆటో ఖర్చు. షాపు దూరమైతే రానుపోను రోజుకి 40 రూపాయలు, 26 రోజులకి 1,040. అంటే చేతికొచ్చేది 9,960. ఆఫీసు కాంప్లెక్సుకి నడిచే దూరంలో ఉంటే పూర్తి 10 వేలూ మిగులుతాయి, సాయంత్రం ఆరింటికి బయటపడొచ్చు. మగపిల్లలైతే ఇందులోంచి బస్సు చార్జీ కూడా తీసేసి చూసుకోవాలి.

ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న తరచూ ఇదే: "రోజూ ఎక్కణ్నుంచి రావాలమ్మా?" ఊరి పేరు చెప్పి ఊరుకోకండి. "గజపతినగరం నుంచండి. తొమ్మిదిన్నరకల్లా ఇక్కడ దిగే బస్సు ఉంది, దానికి ముందు ఇంకోటి ఉందండి" అని చెప్పండి. దూరం నుంచి వచ్చే మనిషి రోజూ ఆలస్యం చేస్తుందేమోనన్నదే వాళ్ల భయం.

వెంటనే మీరూ ఒకటి అడగాలి: "ఏ రోజుల్లో పొద్దుపోతుందండి?" షాపులకైతే దసరా, సంక్రాంతి ముందు రోజులు. ఆడిటర్ ఆఫీసులో జీఎస్టీ రిటర్నుల వల్ల సాధారణంగా నెలలో 11, 20 తేదీల ముందు పని ఎక్కువ. ఆ రాత్రులకి విజయనగరంలో పిన్ని ఇల్లో, మేనత్త ఇల్లో ఉంటే చేరకముందే మాట్లాడి పెట్టుకోండి. లేదంటే ఆ రోజుల్లో పొద్దున్నే ముందు వచ్చి, సాయంత్రం బస్సు టైముకి వెళ్లిపోతానని ఓనరుతో ముందే ఖాయం చేసుకోండి.