పీక్ ఒకటే అయినా ఎపిసోడ్ల శబ్దం ఎందుకు వేరుగా వినిపిస్తుంది?

"అన్నా, ప్రతి ఎపిసోడ్‌నీ చివర్లో మైనస్ 1 డీబీకి నార్మలైజ్ చేసే అప్‌లోడ్ చేస్తున్నా. అయినా ఇంటర్వ్యూ వచ్చినప్పుడు వాల్యూమ్ పెంచాలి, మళ్లీ నేనొక్కడినే మాట్లాడే ఎపిసోడ్ రాగానే తగ్గించాలి అంటున్నారు వినేవాళ్లు. ఏం తప్పు చేస్తున్నానో చెప్పు."

ముందుగా, మీ నార్మలైజ్ ఏ పని చేయాలో ఆ పని సరిగ్గానే చేసింది. అది చూసేది ఒక్కదాన్నే. ఫైల్ మొత్తంలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం ఎక్కడుందో వెతికి, దాన్ని మైనస్ 1 దగ్గర నిలబెట్టి, మిగతా అంతటినీ అదే కొలతలో జరుపుతుంది. 48 కిలోహెర్ట్జ్‌లో రికార్డ్ చేసిన 40 నిమిషాల ఎపిసోడ్‌లో ఒక్కో ఛానల్‌కి 11 కోట్లకు పైగా శాంపిల్స్ ఉంటాయి. వాటిలో ఒకే ఒక్క శాంపిల్ ఎపిసోడ్ మొత్తం ఎంత గట్టిగా వినిపించాలో తేల్చేస్తోంది. ఇంటర్వ్యూలో మీరు ఒక్కసారి పగలబడి నవ్వారనుకోండి, లేదా ఎవరి చెయ్యో బల్లకు తగిలిందనుకోండి. ఆ ఒక్క క్షణం పైకప్పును తాకేస్తుంది, 40 నిమిషాల మాట కింద ఉండిపోతుంది. ఒంటరి ఎపిసోడ్‌లో అలాంటి ఎగుడుదిగుడులు తక్కువ కాబట్టి మాట కూడా పైకప్పు దగ్గరే ఉంటుంది. రెండు ఫైళ్లలోనూ పీక్ మైనస్ 1, కానీ చెవికి వినిపించేది వేరు.

చెవికి వినిపించేదాన్ని కొలవడానికి వేరే కొలబద్ద ఉంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2006లో BS.1770 అనే ప్రమాణం తెచ్చింది. మీటర్ మీద LUFS అని కనిపించేది దాని కొలతే, మాటల్లో లఫ్స్ అంటాం. అది శబ్దాన్ని 400 మిల్లీసెకన్ల ముక్కలుగా తీసుకుని ఒక్కో ముక్కలో ఎంత శక్తి ఉందో చూస్తుంది. చూసే ముందు బాగా కింది ఫ్రీక్వెన్సీల గుడగుడను తగ్గించి, మన చెవి బాగా పట్టుకునే పై ఫ్రీక్వెన్సీలను కాస్త పెంచుతుంది. అందుకే బల్ల దబ్బుమన్న శబ్దం పీక్ మీటర్‌ని ఎగరగొడుతుంది గానీ లఫ్స్‌ని పెద్దగా కదపదు. ఇంకో మంచి పని కూడా చేస్తుంది. మైనస్ 70 కన్నా కింద ఉన్న నిశ్శబ్దాన్ని లెక్కలోంచి తీసేస్తుంది, ఆ తర్వాత వచ్చిన సగటు కన్నా 10 యూనిట్లు కింద ఉన్న ముక్కల్నీ వదిలేస్తుంది. అంటే మీరు మాటల మధ్య ఎక్కువసేపు ఆగినంత మాత్రాన ఎపిసోడ్ శబ్దం తక్కువగా ఉందని మీటర్ అనుకోదు.

పాడ్‌కాస్ట్‌కి యాపిల్ సూచించేది మైనస్ 16 లఫ్స్, ఒక యూనిట్ అటూ ఇటూ ఉన్నా పరవాలేదు, ట్రూ పీక్ మైనస్ 1 దాటకూడదు. నేనూ అదే లెక్క పెట్టుకుంటాను. యూరప్ టీవీ ప్రసారాల లక్ష్యం మైనస్ 23, కానీ బస్సులోనో రోడ్డు మీదో ఫోన్‌లో వినేవాళ్లకి అది చాలా నెమ్మది.

ఇప్పుడు మీ రెండు ఎపిసోడ్‌ల లాంటి జంటనే తీసుకుని చేసి చూపిస్తాను. కొలవడానికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే కమాండ్ లైన్ ప్రోగ్రామ్ వాడుతున్నాను. ఈ కమాండ్ ఫైల్‌ని మార్చదు, కొలిచి చెబుతుంది, అంతే:

```
ffmpeg -hide_banner -i ep12.wav -af loudnorm=I=-16:TP=-1.5:print_format=json -f null -
```

చివర్లో కొన్ని అంకెలు వస్తాయి. మనకు రెండు చాలు. `input_i` అంటే మొత్తం ఎపిసోడ్ లౌడ్‌నెస్, `input_tp` అంటే ట్రూ పీక్. ఒంటరి ఎపిసోడ్ మైనస్ 16.1 చూపించింది, ఇంటర్వ్యూ మైనస్ 22 చూపించింది. ఆ ఆరు యూనిట్ల తేడా కోసమే వినేవాళ్లు బటన్ నొక్కుతున్నారు.

సరే, ఇంటర్వ్యూని 6 డీబీ పెంచేస్తే పోలా? దగ్గరదారి అదే, కానీ అక్కడే రెండు ఇబ్బందులు వస్తాయి. ఒకటి, మైనస్ 1 దగ్గరున్న నవ్వు పైకప్పు అయిన సున్నాని దాటి ప్లస్ 5కి వెళ్తుంది, అంటే చిట్లిపోతుంది. రెండోది దీనికన్నా ముఖ్యం, చాలామంది గమనించనిది. ఆ మైనస్ 22 ఇద్దరి సగటు. మీ ట్రాక్‌ని విడిగా కొలిస్తే మైనస్ 20, అతిథిది విడిగా కొలిస్తే మైనస్ 27. చెరిసగం మాట్లాడినప్పుడు శక్తి లెక్కన సగటు మైనస్ 22 దగ్గరకు వస్తుంది. మొత్తాన్ని 6 పెంచితే మీరు మైనస్ 14కి, అతిథి మైనస్ 21కి వెళ్తారు. మీటర్ చక్కగా మైనస్ 16 చూపిస్తుంది. వినేవాళ్లు మాత్రం ఈసారి ఎపిసోడ్ మధ్యలోనే, ప్రశ్నకి తగ్గించి జవాబుకి పెంచుతూ ఉంటారు. సమస్య తీరలేదు, ఎపిసోడ్ల మధ్య నుంచి ఎపిసోడ్ లోపలికి వచ్చింది.

అందుకే మొదట ఇద్దరినీ సమానం చేయాలి. మొత్తం ఎపిసోడ్‌ని లక్ష్యానికి తేవడం ఆఖరి పని. ట్రాకులు విడివిడిగా ఉంటే ఒక్కోదాన్ని పై కమాండ్‌తోనే కొలవండి. ఇక్కడ ఒక జాగ్రత్త. ఇద్దరూ ఒకే గదిలో కూర్చుంటే అతిథి మైకులో మీ గొంతు కూడా పడుతుంది. అది అతిథి గొంతు కన్నా బాగా కింద ఉంటే మీటర్ దానంతట అదే వదిలేస్తుంది. అంత కింద లేకపోతే మాత్రం లెక్కలో కలిసి అంకెను తప్పుదారి పట్టిస్తుంది. అప్పుడు మీరు మాట్లాడే చోట్ల అతిథి ట్రాక్‌ని మ్యూట్ చేసి కొలవండి. ఒకే ఫైల్‌గా రికార్డ్ అయిపోయి ఉంటే అతిథి మాట్లాడిన ముక్కల్ని ఎడిటర్‌లో కోసి పెంచండి. ఓపిక పట్టే పని, కానీ ఫలితం వెంటనే వినిపిస్తుంది.

మన ఉదాహరణలో అతిథి ట్రాక్‌ని 7 డీబీ పెంచాను. పెంచడానికి ముందు ఆ ట్రాక్‌లోని ఫ్యాన్ హోరు తగ్గించుకున్నాను, ఎందుకంటే గొంతుతో పాటు హోరు కూడా అదే 7 డీబీ పెరుగుతుంది, ఆఖర్లో ఇంకో 4 కూడా కలుస్తుంది. ఆ తర్వాత నవ్వు దగ్గరికి వెళ్లి, ఆ రెండు సెకన్ల ముక్కనే 6 డీబీ కిందికి దించాను. నవ్వు నవ్వులాగే ఉంది, పైకప్పును గుద్దడం లేదు, అంతే. ఇప్పుడు ఇద్దరూ మైనస్ 20 దగ్గర ఉన్నారు, కలిపినదీ మైనస్ 20, పీక్ మైనస్ 2. ఇంకా 4 డీబీ పెంచాలి. పెంచితే అక్కడక్కడ కొన్ని అక్షరాలు ప్లస్ 2 దాకా వెళ్తాయి. వాటిని లిమిటర్ పట్టుకుంటుంది:

```
ffmpeg -i mix.wav -af "volume=4dB,alimiter=limit=0.8:level=false" -ar 48000 final.wav
```

ఇందులో 0.8 అంటే దాదాపు మైనస్ 1.9 డీబీ. ఎందుకంత కిందికి అంటే, ఈ లిమిటర్ శాంపిల్ విలువల్నే చూస్తుంది. రెండు శాంపిల్స్ మధ్య తరంగం ఇంకొంచెం పైకి లేవొచ్చు, ట్రూ పీక్ అంటే అదే. ఎంపీ3గా మార్చినప్పుడు శిఖరాలు మరికాస్త కదులుతాయి. ఆ రెండింటికీ కలిపి వదిలిన చోటు ఇది. `level=false` మర్చిపోవద్దు. అది లేకపోతే ఈ ఫిల్టర్ లిమిట్ చేశాక శబ్దాన్ని మళ్లీ సున్నా దాకా లేపుతుంది, మనం వదిలిన చోటంతా పోతుంది.

తర్వాత `final.wav`ని మళ్లీ కొలవండి. మైనస్ 16.2 వచ్చింది, లిమిటర్ కోసిన కొద్దిపాటి తేడా అది, చాలు. ఒకవేళ మైనస్ 17 కన్నా కిందికి వచ్చిందంటే లిమిటర్ అప్పుడప్పుడు కాకుండా ప్రతి మాటనీ కోస్తోందన్నమాట. హెడ్‌ఫోన్స్‌లో వింటే తెలిసిపోతుంది. ప, ట, క లాంటి అక్షరాల మొదలు మొద్దుబారుతుంది, గొంతు నొక్కిపెట్టినట్టు ఉంటుంది. అప్పుడు లిమిటర్‌తో కుస్తీ పట్టకుండా వెనక్కి వెళ్లి, ట్రాక్ మీద తేలికపాటి కంప్రెసర్ వేసి, ఎగుడుదిగుడులు తగ్గించుకుని రండి.

కొలవడానికి వాడిన ఆ `loudnorm`తోనే నేరుగా మార్చేయొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. మొదట్లో నేనూ అలాగే చేశాను. ఒకే విడతలో నడిపితే అది మాట సాగుతున్నంతసేపూ గెయిన్‌ని మారుస్తూ పోతుంది. నేను ఆగిన చోటల్లా గది హోరు మెల్లగా పైకి లేచేది, మాట మొదలవగానే అణిగేది. ఒకసారి విన్నాక చెవి దాన్నే పట్టుకుంటుంది. కొలిచిన విలువలు ఇచ్చి రెండో విడతలో `linear=true` పెడితే మొత్తానికి ఒకే గెయిన్ ఇస్తుంది. కానీ పీక్‌కి చోటు సరిపోకపోతే హెచ్చరించకుండానే పాత పద్ధతికి మారిపోతుంది. రెండో విడత అంకెల్లో `normalization_type` దగ్గర `linear` అని ఉందా, `dynamic` అని ఉందా చూసుకోవాలి. ఆ టెన్షన్ నాకెందుకని కొలవడం దానితో, పెంచడం `volume`తో చేస్తున్నాను.

పోల్చే ముందు ఇంకొకటి చూసుకోండి. ఒంటరి ఎపిసోడ్‌లు మోనోలో, ఇంటర్వ్యూలు స్టీరియోలో పెడుతుంటే అంకెలు మోసం చేస్తాయి. మోనో ఫైల్‌లో ఉన్నది ఒక్క ఛానలే కాబట్టి మీటర్ ఒక్కదాని శక్తినే లెక్కేస్తుంది. వినేటప్పుడు మాత్రం అదే శబ్దం రెండు చెవులకూ వెళ్తుంది. అందుకని మోనోలో మైనస్ 19, స్టీరియోలో మైనస్ 16 ఒకేలా వినిపిస్తాయి. పై కమాండ్‌లో `dual_mono=true` కలిపితే మోనో ఫైల్‌నీ వినేవాళ్ల చెవి లెక్కనే కొలుస్తుంది, అప్పుడు దానికీ మైనస్ 16 లక్ష్యమే.

ఇప్పటికే పెట్టిన పాత ఎపిసోడ్‌ల సంగతి. అసలు వేవ్ ఫైళ్లు ఉంటే పైన చెప్పినట్టే చేసి ఫైల్ మార్చండి. ఎంపీ3 తప్ప ఏమీ మిగల్లేదనుకోండి, దాన్ని విప్పి మళ్లీ ఎంపీ3గా మారిస్తే నాణ్యత ఇంకోసారి తగ్గుతుంది. గట్టిగా ఉన్నవాటికి ఆ అవసరం లేదు. ఎంపీ3గెయిన్ అనే చిన్న ప్రోగ్రామ్ మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా ఫైల్ లోపలి గెయిన్ అంకెనే మారుస్తుంది, ఒక్కో మెట్టు 1.5 డీబీ. మైనస్ 13 దగ్గరున్న ఎపిసోడ్‌ని రెండు మెట్లు దించితే మైనస్ 16కి వచ్చేస్తుంది:

```
mp3gain -g -2 ep03.mp3
```

నెమ్మదిగా ఉన్నవాటిని దీనితో పెంచాలంటే మాత్రం ముందు ట్రూ పీక్ చూడండి. ఇందులో లిమిటర్ లేదు, పైన చోటు ఉన్నంతవరకే పెంచగలరు. పీక్ ఇప్పటికే మైనస్ 1 దగ్గరున్న మీ పాత ఇంటర్వ్యూలకి ఇది పనికిరాదు. వాటిని విప్పి, అతిథి ముక్కలు పెంచి, ఎక్కువ బిట్‌రేట్‌లో మళ్లీ ఎన్‌కోడ్ చేయాల్సిందే.