పండగల దాకా అట్టపెట్టె రేటు పెంచొద్దని ఎలా అడగాలి?

[తెర మీద: పలాసలో జీడిపప్పు ప్యాకింగ్ గది. బల్ల మీద అట్టపెట్టెల కొటేషన్.]

నమస్కారం. కొటేషన్ చేతికి రాగానే అందరి చూపూ రేటు మీదకే పోతుంది. ఈరోజు దాని అడుగున ఉన్న లైను చూద్దాం. "ఈ రేటు 15 రోజుల వరకే."

లెక్క కోసం ఒక ఉదాహరణ అనుకుందాం. పలాసలో ఒకావిడ జీడిపప్పు యూనిట్ నడుపుతున్నారు. దసరా, దీపావళికి స్వీటు షాపుల నుంచి ముందే ఆర్డర్లు తీసుకున్నారు. పప్పు రేటు ఖాయం చేసేశారు కాబట్టి ఇక పెంచలేరు. జూలై నుంచి అక్టోబరు దాకా నెలకు 1,500 చొప్పున మొత్తం 6,000 పెట్టెలు కావాలి. పెట్టెలు చేసేది విజయనగరంలో ఒకాయన. పెట్టె 40 రూపాయలు. కాగితం పెరగబోతోందని ఇద్దరికీ తెలుసు. పెరిగితే ఆ తేడా ఈవిడ లాభం లోంచే పోతుంది.

[తెర మీద: ఫోన్ సంభాషణ.]

"అన్నయ్య గారూ, అక్టోబరు దాకా ఇదే రేటుకి ఇవ్వాలండీ."

"అమ్మా, మిల్లు వాళ్లే నాకు వారం మించి రేటు చెప్పడం లేదు. నాలుగు నెలలు నేనెలా ఆపగలను? కావాలంటే పెట్టెకి రెండు రూపాయలు ఎక్కువ వేసుకుని ఖాయం చేస్తాను."

చాలామంది ఇక్కడే "సరే" అనో, "వద్దు" అనో తేల్చేస్తారు. తేల్చే ముందు ఒక ప్రశ్న అడగాలి. "ఈ 40లో కాగితం ఎంతండీ?"

కొందరు చెప్పడానికి ఇష్టపడరు. అప్పుడు మనమే అంచనా వేయవచ్చు. ఖాళీ పెట్టెను తూకం వేయండి. 700 గ్రాములు వచ్చింది, కాగితం కిలో సుమారు 34 రూపాయలు అనుకుందాం. అంటే పెట్టెలో కాగితం ఖర్చు దాదాపు 24 రూపాయలు. మిగిలిన 16లో కూలీ, కరెంటు, జిగురు, ప్రింటింగు, రవాణా, ఆయన లాభం ఉంటాయి. పెరుగుతుందని భయపడుతున్నది ఆ 24 గురించే. కాబట్టి కాగితం 10 శాతం పెరిగితే పెట్టె మీద పడాల్సింది 2 రూపాయల 40 పైసలు. "కాగితం పది శాతం పెరిగింది, అందుకే పెట్టె కూడా పది శాతం పెంచాం" అని 4 రూపాయలు వేస్తే అది ఒప్పుకోవాల్సిన లెక్క కాదు.

ఇప్పుడు ఆయన అడిగిన రెండు రూపాయల సంగతి. కాగితం నెలనెలా 5 శాతం చొప్పున పెరిగి, అక్టోబరుకి 15 శాతం చేరుతుందనుకోండి. చివరి నెలలో పెట్టెకు 3 రూపాయల 60 పైసలు పెరుగుతుంది. అది చూస్తే రెండు రూపాయలు చవకగానే కనిపిస్తుంది. కానీ జూలైలో పెరుగుదల సున్నా, ఆగస్టులో 5, సెప్టెంబరులో 10. నాలుగు నెలల సగటు ఏడున్నర శాతమే. అంటే పెట్టెకు 1 రూపాయి 80 పైసలు. కాగితం అంత పెరిగినా ఈవిడ మీద పడేది 10,800 రూపాయలైతే, దాన్ని తప్పించుకోవడానికి ముందే 12,000 ఇస్తున్నారన్నమాట. పెరగకపోతే ఆ 12,000 ఊరికే పోయినట్టే.

ఆయన దురాశతో అడుగుతున్నాడని నేననను. రేటు ఖాయం చేస్తే పెరిగే భారమంతా ఆయన నెత్తిన పడుతుంది. ఆ భయం తీరే మార్గం మనమే చూపించాలి. ఆయనకు కావాల్సింది కాగితాన్ని ఈరోజు రేటుకే కొని పెట్టుకునే డబ్బు.

[తెర మీద: కాగితం రోల్స్.]

6,000 పెట్టెలకు కాగితం ఖర్చు 1,44,000 రూపాయలు. ఆ మొత్తం అడ్వాన్స్‌గా ఇచ్చి, పెట్టెలు వచ్చేకొద్దీ నెలకు 36,000 చొప్పున బిల్లులో తగ్గించుకోవచ్చు. బ్యాంకు వడ్డీ నెలకు ఒక శాతం అనుకుంటే, నెలనెలా తగ్గుతూ పోయే మొత్తం మీద నాలుగు నెలలకూ అయ్యేది 3,600 రూపాయలు. పెట్టెకు 60 పైసలే. రెండు రూపాయలెక్కడ, అరవై పైసలెక్కడ!

అయితే ఇందులో రెండు ప్రమాదాలున్నాయి. డబ్బు తీసుకుని కాగితం కొనకపోవచ్చు. అందుకే మిల్లు ఇచ్చిన బిల్లు కాపీ అడగండి, వీలైతే వెళ్లి రోల్స్ చూసి రండి. రెండోది వానాకాలం. మన తీరప్రాంతపు గాలిలో తేమ ఎక్కువ. క్రాఫ్ట్ కాగితం ఆ తేమ పీల్చి బలం తగ్గిపోతుంది. రోల్స్ నేల మీద కాకుండా చెక్కల మీద పెట్టి, కప్పి ఉంచాలి. అలాంటి చోటు ఆయనకు లేకపోతే సగం పెట్టెలకే అడ్వాన్స్ ఇచ్చి వాటి రేటు ఖాయం చేసుకోండి. మిగతా సగానికి 16 రూపాయల భాగం కదలకూడదు, కాగితం భాగం మాత్రం మిల్లు బిల్లు ప్రకారం పెరగవచ్చు, తగ్గవచ్చు అని రాసుకోండి. తగ్గినప్పుడూ వర్తించాలన్న మాట అందులో తప్పకుండా ఉండాలి.

ఇక ఒప్పందాన్ని రాతలో పెట్టడం. "నాలుగు నెలలు ఇదే రేటు" అని ఫోన్‌లో అన్నా, కొటేషన్ మీద రాసిచ్చినా అది ఇంకా ప్రతిపాదనే. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 5వ సెక్షన్ ప్రకారం, మన అంగీకారం పూర్తికాక ముందు ప్రతిపాదనను వెనక్కి తీసుకోవచ్చు. గడువు దాకా ఆగుతానన్న మాటకు మన వైపు నుంచి ప్రతిఫలం ఏమీ లేకపోతే ఆ మాట మీద గట్టిగా నిలదీయడం కష్టం. కాబట్టి 15 రోజులు దాటకముందే మొత్తం 6,000 పెట్టెలకూ పర్చేజ్ ఆర్డర్ ఇవ్వాలి. నెలకు 1,500 మాత్రమే ఆర్డర్ ఇచ్చి మిగతావి "తర్వాత చూద్దాం" అంటే, ఖాయమైంది 1,500కే.

[తెర మీద: లేఖ నమూనా.]

"మీ కొటేషన్‌లోని రేటు, పెట్టెకు 40 రూపాయలు, పన్ను అదనం, అంగీకరిస్తున్నాం. జూలై నుంచి అక్టోబరు వరకు ప్రతి నెల 10వ తేదీలోపు 1,500 పెట్టెలు చొప్పున మొత్తం 6,000 పంపాలి. కాగితం, కూలీ, రవాణా ఖర్చులు పెరిగినా ఈ రేటు మారదు. కాగితం కొనుగోలుకు 1,44,000 రూపాయలు అడ్వాన్స్ ఇస్తున్నాం. ఒక్కో విడత బిల్లులో 36,000 తగ్గించాలి. పెట్టె బరువు, నాణ్యత ఇద్దరం సంతకం చేసిన నమూనా ప్రకారం ఉండాలి."

పన్ను గురించి ఒక మాట. 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలో 64ఎ సెక్షన్ ఉంది. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, మధ్యలో పన్ను పెరిగినప్పుడు ఆ మేరకు అమ్మేవారు అడగవచ్చు. తగ్గితే మనమూ తగ్గించుకోవచ్చు.

[తెర మీద: తూకం మిషన్, పక్కపక్కన రెండు పెట్టెలు.]

లేఖలో బరువు ఎందుకు రాయించానంటే, రేటు పెంచడానికి వీల్లేనప్పుడు కొందరు కాగితం పలచన చేస్తారు. పైకి పెట్టె అలాగే ఉంటుంది. లారీలో నాలుగు వరసలు పేర్చాక అడుగు వరస కుంగితే గానీ తెలియదు. ప్రతి విడతలో ఓ పది ఖాళీ పెట్టెలు తూకం వేయండి. వానాకాలంలో తేమ పట్టి పలచని పెట్టె కూడా బరువు తూగుతుంది కాబట్టి కొత్త పెట్టెలనూ సంతకాల నమూనానూ ఒకే గదిలో రెండు రోజులు ఉంచి, తర్వాత పక్కపక్కన పెట్టి తూచండి. నమూనా కన్నా బాగా తేలిగ్గా ఉంటే ఫోటో తీసి, ఆ విడత బిల్లు కట్టకముందే ఆయనకు పంపండి.