ఆ 27 శాతం ఎవరు తిన్నారు?

వేదిక మీది పెద్దలకు, ఇంత ఎండలోనూ వచ్చిన గుంటూరు, బెజవాడ విద్యార్థులకు నమస్కారం. శాలువాలకే అరగంట పట్టింది కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

నేను థర్మల్ స్టేషన్‌లో పనిచేసే రోజుల్లో ఒక పెద్ద అధికారి తనిఖీకొచ్చి అందరి ముందూ నిలదీశారు. "మీ ఆవిరి 540 డిగ్రీలు, చల్లార్చే నీళ్లు 30. కార్నో లెక్కలో 62 శాతం రావాలి. 35 చూపిస్తున్నారు. మిగతా 27 ఎవరు తిన్నారు?" జవాబు వినకుండానే కారెక్కారు. ఇవాళ మైకు నా చేతిలో ఉంది, వినక తప్పదు మీకు.

ఆయన లెక్క తప్పు కాదు. కెల్విన్లలో 303ని 813తో భాగించి ఒకటిలోంచి తీసేస్తే 0.627. పనిచేసేది ఆవిరైనా గాలైనా, వేడిలో ఎంత శాతం పనిగా మారగలదన్న హద్దును నిర్ణయించేవి ఆ రెండు ఉష్ణోగ్రతలేనని 1824లోనే సాదీ కార్నో తేల్చాడు. కానీ ఆ హద్దు అందాలంటే వేడంతా 540 దగ్గరే లోపలికి రావాలి, 30 దగ్గరే బయటికి పోవాలి. మా బాయిలర్‌లోకి నీళ్లు 240 దగ్గర వెళ్తాయి, 340 దగ్గర మరుగుతాయి, 540కి చేరేది చివర్లోనే. సగటు 360. అటు టర్బైన్ దాటిన ఆవిరిని మళ్లీ నీళ్లు చేసే కండెన్సర్‌లో అది చల్లబడేది 45 దగ్గర. ఇప్పుడు లెక్కేయండి, 50 శాతమే! టర్బైన్‌లో రాపిడి, పొగగొట్టంలో పోయే వేడి, మా పంపులూ ఫ్యాన్లూ తినేది తీసేస్తే 35.

మరి కండెన్సర్‌లో 45 ఎందుకు, 30 ఎందుకు కాదు? తేడా లేనిదే వేడి కదలదు బాబూ! ఆవిరీ నీళ్లూ ఒకే ఉష్ణోగ్రతలో ఉంటే కార్నో సంతోషిస్తాడు గానీ యూనిట్ నుంచి కరెంటు రాదు.

వెనక వరసలో ఫోన్లు చూస్తున్నవాళ్లు ఈ ఒక్కటీ రాసుకోండి. కండెన్సర్‌లోని ఆవిరి ఉష్ణోగ్రతలోంచి, కండెన్సర్ దాటి బయటికొచ్చే చల్లార్చే నీళ్ల ఉష్ణోగ్రత తీసేయండి. మాకు మామూలుగా 5 ఉండేది. ఒక మే నెలలో వారం వారం పెరిగి 10 అయింది. వాక్యూమ్ పడిపోతోంది. గాలి లీకేజీ అని సీల్స్ అన్నీ వెతికాం, దొరకలేదు. గాలి చొరబడితే తేడా గబగబా పెరుగుతుంది, ఆవిరి చల్లబడి నీరైన కండెన్సేట్‌లో ఆక్సిజన్ కూడా పెరుగుతుంది; ఇక్కడ ఆక్సిజన్ మామూలుగానే ఉంది. నీళ్ల వైపు తెరిస్తే ట్యూబుల నిండా బురద, లోపల తెల్లటి పొర. బ్రష్‌లు తోసి కడిగాం, తేడా మళ్లీ 5కి దిగింది. ఆ 5 డిగ్రీలకే 210 మెగావాట్ల యూనిట్‌లో సుమారు 3 మెగావాట్లు పోతున్నాయి.

27లో మా చేతిలో ఉన్న భాగం అదండీ. ఆ అధికారి అడగాల్సిందీ అదే, అడగలేదు. మీరు ప్లాంటు చూడ్డానికి వెళ్తారట కదా, టర్బైన్ ముందు ఫొటోలు తర్వాత దిగండి, ముందు కండెన్సర్ లాగ్‌షీట్ అడగండి.