రెండు భాషల ఇంట్లో బిడ్డకు మాటలు ఆలస్యమవుతాయా?

[తెరపై: రెండేళ్ల పాప, ఒకవైపు తల్లి, మరోవైపు తండ్రి]

హైదరాబాదులో ఉండే ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తల్లిది తెలుగు, తండ్రిది హిందీ. పాప పుట్టినప్పటి నుంచి ఇద్దరూ ఆమెతో ఎవరి భాషలో వారు మాట్లాడుతున్నారు. రెండేళ్లు నిండినా పాప ముప్పై తెలుగు మాటలైనా పలకడం లేదని అమ్మమ్మకు బెంగ. రెండు భాషలు వినిపించి పిల్లను తికమకపెడుతున్నారని, ఒకటి మానేయమని ఆమె సలహా. ఇదే మాట చెప్పే వైద్యులు కూడా ఇంకా కొందరున్నారు.

అమ్మమ్మ లెక్క తప్పలేదు కానీ, ఆమె సగమే లెక్కపెట్టారు. రెండేళ్ల బిడ్డ కనీసం 50 మాటలు పలకాలని, రెండు మాటలను కలిపి చెప్పడం మొదలుపెట్టాలని నిపుణులు సాధారణంగా చూస్తారు. ఆ 50 ఒకే భాషలో ఉండాలన్న నియమం లేదు.

[తెరపై: రెండు నిలువు వరుసల కాగితం; ఎడమ తెలుగు, కుడి హిందీ]

కాబట్టి తల్లిదండ్రులు ఒక వారంపాటు పాప తనంతట తాను పలికిన ప్రతి మాటనూ ఇలా రాసుకోవాలి. ఉచ్చారణ స్పష్టంగా లేకపోయినా ఫరవాలేదు. ఎప్పుడూ ఒకే వస్తువుకు ఒకే శబ్దం వాడితే అది మాటే. ‘బువ్వ’ మాటే, కుక్కను చూసి ప్రతిసారీ అనే ‘భౌ’ కూడా మాటే. మనం చెప్పగానే తిరిగి అప్పగించినవి మాత్రం రాయకూడదు. ‘నీళ్లు’, ‘పానీ’ రెండూ అంటే రెండుగా లెక్కించాలి. ‘బాల్’, ‘కార్’ వంటివి రెండు భాషల్లోనూ ఒకటే కాబట్టి ఒకసారే రాయాలి. మన పాపకు తెలుగులో 28, హిందీలో 26 తేలాయనుకుందాం. మొత్తం 54. ఏ ఒక్క వరుసను చూసినా పాప వెనకబడినట్టే ఉంటుంది, రెండూ కలిపితే ఉండదు.

ఇది సర్దిచెప్పడానికి కట్టిన లెక్క కాదు. అమెరికాలోని మయామీలో స్పానిష్, ఇంగ్లిష్ రెండూ వింటూ పెరిగే పసిపిల్లలపై బార్బరా పియర్సన్ బృందం 1993లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషల మాటలనూ కలిపి చూసినప్పుడు వారి పదసంపద ఒకే భాష పిల్లలకు తీసిపోలేదని తేలింది.

పాప ‘పానీ కావాలి’ అంటే చాలామంది దాన్ని తికమకకు రుజువుగా చూపిస్తారు. నిజానికి రెండు మాటలను కలపడం వచ్చిందనడానికి అదే రుజువు. పెద్దలమైన మనమే ‘బస్సు మిస్సయింది’ అంటూ భాషలు కలుపుతున్నప్పుడు పాపను మాత్రం తప్పుపట్టడం న్యాయం కాదు.

[తెరపై: పాప వెనుక నుంచి తల్లి మెల్లగా పిలవడం]

అయితే ఇక్కడే రెండో పొరపాటుకు అవకాశముంది. ‘రెండు భాషలు కదా, అదే వస్తుందిలే’ అని ఎదురుచూడటం మొదటిదానికన్నా ప్రమాదకరం, ఎందుకంటే నిజమైన ఆలస్యానికి రెండు భాషలు కారణం కావు. ఏడాది దాటినా వేలితో చూపించకపోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, పదహారు నెలలకు ఒక్క మాటా రాకపోవడం, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోవడం, వచ్చిన మాటలు పోవడం వంటివి ఏ భాష ఇంట్లోనైనా పరీక్ష చేయించవలసినవే. భాషాపరమైన ఇబ్బంది ఉన్న బిడ్డకు అది రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. తెలుగు తక్కువగా విన్నందువల్ల తెలుగు ఒక్కటే బలహీనంగా ఉంటే, అది ఆ భాష వినే అవకాశం తక్కువైన ఫలితమే తప్ప జబ్బు కాదు.

అనుమానమున్నప్పుడు మొదట చెవి పరీక్ష చేయించాలి. కుక్కర్ విజిలుకు ఉలిక్కిపడుతోంది కాబట్టి బాగానే వినిపిస్తోందని ఇంట్లో అనుకుంటారు, కానీ కొద్దిపాటి వినికిడి లోపం ఉన్న పిల్లలకూ అంత పెద్ద శబ్దం వినిపిస్తుంది; వారికి అందకుండా పోయేవి ‘స’ వంటి సన్నని ధ్వనులు. తరచూ జలుబు చేసి మధ్య చెవిలో నీరు చేరినా ఇలా జరగవచ్చు. శబ్దానికి లోపలి చెవి, మెదడు ఇచ్చే స్పందనను యంత్రంతో కొలిచే ఓఏఈ, బెరా పరీక్షలకు బిడ్డ జవాబు చెప్పవలసిన పనిలేదు కాబట్టి వాటిని పసివయసులోనే చేయవచ్చు.

[తెరపై: స్పీచ్ థెరపిస్టు ఎదుట రెండు వరుసల కాగితం]

చెవి బాగుండి, మాటలు మాత్రం నిజంగానే తక్కువగా ఉంటే స్పీచ్ థెరపిస్టును కలవాలి. ఆ కాగితాన్ని వెంట తీసుకువెళ్లి, పాప రోజులో ఏ భాషను ఎవరి దగ్గర ఎంతసేపు వింటోందో కూడా చెప్పాలి. తెలుగు మాటలు మాత్రమే అడిగి నిర్ణయానికి వస్తే, హిందీలో కూడా చూడమని కోరవచ్చు. ఒక భాషను ఆపేయమంటే మాత్రం తొందరపడవద్దు. ఇంగ్లిష్ ధారాళంగా రాని తల్లి బడి కోసమని ఇంగ్లిష్‌లోకి మారితే, పొడి పొడి ఆదేశాలు తప్ప కథలు, బుజ్జగింపులు, ప్రశ్నలు తగ్గిపోతాయి. బిడ్డకు అందే మాటల మొత్తమే చిక్కిపోతుంది. పుట్టుకతోనే మాటల ఎదుగుదల నెమ్మదిగా ఉండే డౌన్ సిండ్రోమ్ పిల్లలపై జరిగిన అధ్యయనాల్లో సైతం రెండో భాష వల్ల మొదటిది దెబ్బతిన్నట్టు కనిపించలేదు.