మాస్టారి పేరు మీద స్కాలర్‌షిప్: పత్రాల్లో ఏ పేరు రాయాలి?

వ్యాఖ్యాత: నమస్కారమండీ. పోయిన మాస్టారి పేరు మీద స్కాలర్‌షిప్ పెడదామని పాత విద్యార్థులు కూడితే, డబ్బు పోగవక ముందే పేరు దగ్గర చర్చ మొదలవుతుంది. ఇవాళ దాని గురించే. ట్రస్టుల లెక్కలు చూసే ఆడిటర్ గారు మనతో ఉన్నారు. సార్, ఊరంతా ఆయన్ని ‘లెక్కల మాస్టారు’ అనే పిలిచింది. ఆ పేరే పెట్టేస్తే పోలా?

ఆడిటర్: స్కాలర్‌షిప్‌కి పెట్టండి, ట్రస్టుకి వద్దు. ట్రస్టు పేరు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరైన దస్తావేజులోంచి పాన్ కార్డుకి, అక్కణ్ణుంచి బ్యాంకు ఖాతాకి వెళ్తుంది. తర్వాత మార్చాలంటే సవరణ దస్తావేజు రాయించి, మళ్లీ ఒక్కో చోటికీ తిరగాలి. పిల్లలకిచ్చే సర్టిఫికెట్ మీది పేరైతే ట్రస్టీలు తీర్మానం రాసుకుని మార్చుకోవచ్చు.

వ్యాఖ్యాత: మరి దస్తావేజులో ఎలా రాయాలి?

ఆడిటర్: మాస్టారి పేరు కె. సత్యనారాయణ అనుకుందాం. మొదటి చిక్కు ఆ ‘కె’. ఆ పొడి అక్షరంతో ఒక్క మండలంలోనే ఎంతమంది సత్యనారాయణలుంటారో! అందుకని ఇంటిపేరు పూర్తిగా రాయాలి. రెండోది ఇంగ్లీషు స్పెల్లింగ్. దస్తావేజులో SATYANARAYANA అని ఉండి, పాన్‌లో SATHYANARAYANA అని పడిందంటే, ఖాతా తెరిచే దగ్గరే బ్యాంకువాళ్లు ఆపేస్తారు. ఒక్క H తేడా అంతే.

వ్యాఖ్యాత: ఇంట్లోవాళ్లని అడిగితే తేలిపోదా?

ఆడిటర్: తేలదు, తలో స్పెల్లింగూ చెప్తారు. ఆయన సర్వీసు రిజిస్టరులోనో పెన్షన్ పత్రంలోనో ఉన్నదే ఖాయం చేసుకోండి. ట్రస్టు పూర్తి పేరు ఒక కాగితం మీద టైపు చేయించి, దస్తావేజు రాసేవాళ్లకీ, పాన్ దరఖాస్తు నింపేవాళ్లకీ ఆ కాగితమే ఇవ్వండి. MEMORIAL అని పూర్తిగా రాస్తారా, MEM. అని కుదిస్తారా అన్నదీ అప్పుడే తేల్చేయాలి. నన్నడిగితే కుదించొద్దు.

టీచరమ్మ పేరైతే ఇంకో సంగతి చూడాలి. పెళ్లికి ముందు ఉద్యోగంలో చేరి ఉంటే రికార్డుల్లో పుట్టింటి పేరుంటుంది, ఊళ్లో అత్తింటి పేరుతో తెలుస్తారు. ఏది వాడినా ఆమె పిల్లల దగ్గర రాతపూర్వకంగా సమ్మతి తీసుకోండి. రెండువైపుల బంధువులూ తర్వాత అడిగేది అదే.

వ్యాఖ్యాత: పేరులో స్కూలు పేరు, సబ్జెక్టు కూడా ఉండాలంటారు చాలామంది.

ఆడిటర్: ‘ఫలానా హైస్కూల్ పదో తరగతి గణిత ప్రతిభా ట్రస్ట్’ అనా? స్కూలు వేరే స్కూల్లో కలిసిపోవచ్చు. గణితంలో ముందున్నవాళ్లకే ఇవ్వడం మానేసి, ఫీజు కట్టలేని ఇంటర్ పిల్లలకి ఇద్దామని రేపు మీకే అనిపించవచ్చు. అప్పుడు పేరు ఒకటి చెప్తుంది, పని ఇంకొకటి జరుగుతుంది. పేరులో మాస్టారూ, ‘ఎడ్యుకేషనల్ ట్రస్ట్’ అన్న మాటా చాలు. ఏ స్కూలు, ఏ తరగతి, ఎన్ని మార్కులు అన్నవి నిబంధనల్లో రాసుకోండి.

వ్యాఖ్యాత: పోగైంది మూడు లక్షలే అయితే?

ఆడిటర్: అప్పుడు అసలు ట్రస్టే పెట్టొద్దంటాను. ఏడు శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి వచ్చేది 21,000. ఆడిట్‌కీ రిటర్నులకీ పోను పిల్లలకి మిగిలేదేముంది? నమ్మకమైన ట్రస్టు ఇప్పటికే ఉంటే, దాని కింద మాస్టారి పేరుతో ఒక నిధి పెట్టమనండి. 7,000 చొప్పున ముగ్గురికి ఇవ్వొచ్చు. అయితే ఒప్పందం కాగితం మీద ఉండాలి: అసలు సొమ్ము ముట్టుకోకూడదు, లెక్క విడిగా చూపాలి, మాస్టారి పేరు తీసేయకూడదు, ఆ ట్రస్టు మూతపడితే డబ్బు ఎక్కడికి పోవాలి. చివరిది రాయడం మర్చిపోతారు. అప్పుడు డబ్బు ఇంకో ట్రస్టులో కలిసిపోతుంది, దాంతో మాస్టారి పేరూ పోతుంది.

వ్యాఖ్యాత: అమెరికాలో ఉన్న పాత విద్యార్థులు పంపేదో?

ఆడిటర్: అక్కడ ఉన్నా భారత పౌరసత్వం ఉన్నవాళ్లు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా పంపితే విదేశీ విరాళం కింద రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే, భారత సంతతి విదేశీ పౌరులకి మన ప్రభుత్వం ఇచ్చే ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ కింద అనుమతి కావాలి, కొత్త ట్రస్టుకి అది వెంటనే రాదు. అందుకని వాట్సాప్ గ్రూపులో ఖాతా నంబరు పెట్టే ముందే ఎవరి పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. వచ్చి పడ్డాక వెనక్కి పంపడం వేరే తలనొప్పి.

వ్యాఖ్యాత: వాళ్లు పంపేటప్పుడు పేరు సరిచూసుకోవడం ఎలా?

ఆడిటర్: యూపీఐలో పంపేముందు ఖాతాదారు పేరు తెర మీద కనిపిస్తుంది. అక్కడ ట్రస్టు పేరు కాకుండా కోశాధికారి సొంత పేరు కనిపిస్తే, ఆయన ఎంత మంచివాడైనా సరే, ట్రస్టు ఖాతా తెరిచేదాకా ఆగమనండి.