తాళం వేసి వెళ్లే ఇంట్లో కుక్కా, పిల్లా?

శ్రోతలకు నమస్కారం.

మా అన్నయ్య కొడుకు, కోడలు మధురవాడలో చిన్న ఫ్లాట్‌లో, మూడో అంతస్తులో ఉంటారు. ఇద్దరికీ ఉద్యోగాలే. పొద్దున ఎనిమిదిన్నరకి తాళం పడితే మళ్లీ తీసేది సాయంత్రం ఆరున్నరకి. అబ్బాయికి లాబ్రడార్ కావాలి, అమ్మాయికి పిల్లి కావాలి. "మీరే చెప్పండి మావయ్యగారూ" అని తగువు నా ముందు పెట్టింది.

ముందు గడియారం చూడండి అన్నాను. పది గంటలు తాళం. మూడు నెలల కుక్కపిల్ల మూడు నాలుగు గంటలకు మించి ఒంటేలు ఆపుకోలేదు. ఎదిగిన కుక్కకైనా ఆరు, మహా అయితే ఎనిమిది గంటలు. పది గంటలంటే దాన్ని బాధపెట్టడమే. పైగా రెండు పూటలా బయట తిప్పాలి. మన విశాఖ వేసవిలో ఎండ ముదిరాక తారురోడ్డు మీద దాని పాదాలు కాలిపోతాయి, కాబట్టి తెల్లారకముందే లేవాలి. తిప్పి తెచ్చాక చెవుల వెనకా, వేళ్ల సందుల్లో పిడుదులు పట్టాయేమో చూడాలి. ఇదంతా అయ్యాకే ఆఫీసు. మధ్యాహ్నం ఇంటికి వచ్చే మనిషి ఉంటే కుక్కని తెచ్చుకోండి, లేకపోతే వద్దు అన్నాను. కుక్కలంటే నాకు ప్రాణం, అందుకే వద్దన్నాను.

పిల్లి రోజులో పన్నెండు గంటలకు పైగా నిద్రే. ఖర్చు కూడా తూకంలోనే తెలుస్తుంది. నాలుగు కిలోల పిల్లికి నెలకి రెండు కిలోల లోపు పొడి మేత సరిపోతుంది. ఎదిగిన లాబ్రడార్‌కి పది కిలోల దాకా కావాలి. అలాగని పెరుగన్నంతో పిల్లి బతికేస్తుందనుకోకండి, దానికి మాంసాహారం ఉండి తీరాలి. బాల్కనీకి వల కట్టించాలి. రేబిస్ టీకా కుక్కకైనా, పిల్లికైనా తప్పదు.

చివరికి మగపిల్లి వచ్చింది. అసలు చెప్పాలనుకున్నది ఇక్కడుంది.

పిల్లి ఒంటేలుకీ, దొడ్డికీ ఇంట్లో పెట్టే ట్రేలో ఉండకట్టే రకం మట్టి పోస్తే, ఒంటేలు తగలగానే అది ఉండ కడుతుంది. సాయంత్రం రాగానే గరిటెతో ఆ ఉండలు తీసెయ్యాలి, రెండు నిమిషాల పని. తీసేటప్పుడు లెక్కపెట్టండి. మామూలుగా రోజుకి రెండో, మూడో, నాలుగో ఉంటాయి. మీరు లేనప్పుడు పిల్లి ఎలా ఉందో చెప్పేవి ఆ ఉండలే. ఒక్కటీ లేకపోయినా, చిన్న చిన్న ముక్కలే ఉన్నా, పిల్లి మాటిమాటికీ ట్రేలో కూర్చుని ముక్కుతూ అరుస్తున్నా, మలబద్ధకం అనుకోకండి. మగపిల్లికి మూత్రనాళం సన్నం, అది మూసుకుపోయి ఉండొచ్చు. తెల్లారాక చూద్దాంలే అనుకోవద్దు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణమే పోవచ్చు. ఆ రాత్రే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

అందుకే మగపిల్లిని తెచ్చుకునే ముందే, మీ పేటలో రాత్రిపూట చూసే పశువైద్యుడు ఎవరో కనుక్కుని నంబరు ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి. మా వాళ్ల చేత ఆ పని చేయించాకే పిల్లిని ఇంటికి తెచ్చాం.