జొరం పోయింది, వాంతులు పోయాయి, కడుపు మాత్రం కుదురుకోలేదు

అందరికీ నమస్కారం. వానాకాలం మొదలైందంటే శ్రీకాకుళంలో మా ఓపీకి ఒకే మాట పట్టుకుని వచ్చేవాళ్లు పెరుగుతారు. "జొరం పోనాది, వాంతులు పోనాయి, ఈ కడుపు మాత్రం కుదురుకోలేదు బాబూ" అంటారు. వాంతులు, విరేచనాలు వచ్చి సెలైన్ ఎక్కించుకుని, నాలుగైదు రోజుల్లో లేచి తిరుగుతారు. మూడు వారాలు గడిచినా రోజూ రెండు మూడుసార్లు పల్చగా అవుతూనే ఉంటుంది, పొద్దున్నే కడుపులో గుడగుడ, ఏం తిన్నా గ్యాస్. అప్పుడు మెడికల్ షాపుకి వెళ్లి, మొదట వాడిన బిళ్లలే ఇంకో స్ట్రిప్ తెచ్చుకుంటారు. ఆ స్ట్రిప్ గురించి తర్వాత చెప్తాను. ముందు, క్రిమి పోయాక కూడా కడుపు ఎందుకు ఊరుకోదో చూద్దాం.

మన చిన్నపేగు లోపలి గోడ నున్నగా ఉండదు. దాని నిండా వేలాడే సన్నటి పోగులుంటాయి, ఒక్కోటి మిల్లీమీటరు కూడా ఉండదు. తిన్నదాన్ని ఒంటికి పట్టించే పని వీటిదే. పోగు మొదట్లో, గుంటలో కొత్త కణం పుడుతుంది, మెల్లగా పైకి పాకుతూ ముదురుతుంది, మూడు నుంచి ఐదు రోజుల్లో కొసకు చేరి రాలిపోతుంది. పాలలోని చక్కెరని, అంటే లాక్టోజ్‌ని, విడగొట్టే లాక్టేజ్ అనే ఎంజైమ్ ఎక్కువగా ఉండేది ఆ కొసలకి చేరిన ముదురు కణాల్లోనే. రోటావైరస్, నోరోవైరస్ లాంటివి దెబ్బకొట్టేది కూడా సరిగ్గా ఆ కొసల్నే. కొసలు ఊడిపోతే, మిగిలిన పొట్టి పోగుల మీద ఇంకా లేత కణాలే ఉంటాయి.

అయితే కణాలు ఐదు రోజుల్లో మారిపోతాయి కదా, వారంలో అంతా సరైపోవాలి కదా అని మీకు అనిపించొచ్చు. వంశధార వరద తీశాక మళ్లీ నాట్లు వేసిన మడి చూసే ఉంటారు, పది రోజుల్లో పచ్చగా కనబడుతుంది కానీ గింజ పడాలంటే ఆగాలి. ఇదీ అంతే. కణం తొందరగానే వస్తుంది, అది పని నేర్చుకోవడానికే టైం పడుతుంది. అన్ని ఎంజైముల్లోకీ ముందు పోయేదీ లాక్టేజే, ఆఖరికి తిరిగొచ్చేదీ లాక్టేజే. అన్నం, ఇడ్లీ అరిగిపోతున్న మనిషికి కూడా పాలు పడకపోవడానికి కారణం ఇదే. చాలామందికి రెండు మూడు వారాలు పడుతుంది, కొందరికి ఒకటి రెండు నెలలు.

మన దక్షిణాదిలో ఇంకో సంగతి ఉంది. మనలో చాలామందికి పెద్దయ్యేసరికి లాక్టేజ్ సహజంగానే బాగా తగ్గిపోయి ఉంటుంది. అయినా రోజూ రెండు టీలు, ఒక గ్లాసు పాలు ఏ ఇబ్బందీ లేకుండా లాగించేస్తాం, ఆ మాత్రానికి సరిపడా మిగిలి ఉంటుంది కాబట్టి. ఒక్క దెబ్బ తగిలితే ఆ మిగిలిందీ పోతుంది. "నాకెప్పుడూ పాలు పడకపోవడమన్నది లేదండీ" అని వాదించేవాళ్లు నిజమే చెప్తున్నారు, ఇంతకుముందు పడ్డాయి, ఇప్పుడు పడట్లేదు.

ఒక కేసు చెప్తాను. రోజూ ఆర్టీసీ బస్సులో పాలకొండ వైపు వెళ్లి పాఠాలు చెప్పే ఒక మాస్టారు, ముప్ఫై ఐదేళ్లుంటాయి. పెళ్లి భోజనం తర్వాత వాంతులు, నీళ్ల విరేచనాలు, రెండు రోజులు జ్వరం. నాలుగో రోజుకి తగ్గింది. మూడు వారాల తర్వాత నా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన బాధ కడుపునొప్పి కాదు, బస్సు. ఎనిమిదింటికి బస్సు ఎక్కితే ఎనిమిదిన్నరకి మెలిపెడుతుంది, దారిలో దిగి ఎక్కడికి వెళ్లాలి? ఆ టెన్షన్‌తో బస్టాండ్‌లోనే రెండుసార్లు వెళ్లొచ్చేవారు.

రోజంతా ఏం తింటారో, ఎన్ని గంటలకి తింటారో చెప్పమన్నాను. పొద్దున్న ఆరున్నరకి పెద్ద గ్లాసు టీ, చిక్కటి పాలతో. ఏడున్నరకి ఇడ్లీ, ఆ వెంటనే ఇంకో టీ. స్కూల్లో ఒక టీ. మధ్యాహ్నం పెరుగన్నం. ఇక రాత్రి, "మనిషి నీరసపడిపోయాడు" అని అత్తగారు పెట్టే స్పెషల్: పెద్ద గ్లాసు పాలల్లో రెండు చెంచాల బలం పొడి. జబ్బుకి ముందు ఆయన రాత్రిపూట పాలే తాగేవారు కాదు! నీరసం పోవాలని మొదలుపెట్టిన పాలే విరేచనాల్ని ఆపకుండా నడుపుతున్నాయి.

లెక్క చూడండి. ఆవుపాలైనా గేదెపాలైనా 100 మిల్లీలీటర్లకి దాదాపు 5 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. రాత్రి గ్లాసు 250 మిల్లీలీటర్లు అనుకుంటే 12 గ్రాముల పైనే. మూడు టీల్లో పాలు కలిపి ఇంకో 200 మిల్లీలీటర్లు, అంటే 10 గ్రాములు. పైన పొడిలో ఉండే పాలపొడి వేరు. ఆ రోజుల్లో ఆయన పేగుకి ఇందులో సగం అరిగించే శక్తి కూడా లేదు. అరగని చక్కెర పేగులోకి నీటిని లాగుతుంది, విరేచనం పల్చనవడం అందువల్లే. పెద్దపేగులోకి వెళ్లాక అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడతాయి, దాంతో గ్యాస్, ఉబ్బరం, పులిసిన వాసన, మలద్వారం దగ్గర మంట. పాలు తాగిన అరగంట నుంచి రెండు మూడు గంటల్లోపు ఇదంతా కనిపిస్తుంటే అనుమానం పాల మీదే పెట్టుకోవాలి. ఆరున్నర టీకి ఎనిమిదిన్నర బస్సు సరిగ్గా సరిపోయింది.

మరి మధ్యాహ్నం పెరుగన్నం ఏమీ చేయలేదు ఎందుకు? పాలు తోడుకునేటప్పుడు ఆ తోడులోని సూక్ష్మజీవులే లాక్టోజ్‌లో కొంత తినేస్తాయి, మిగతాది అరగడానికి కావలసిన ఎంజైమ్ కూడా తమతోపాటే మన పేగులోకి తెస్తాయి. అందుకే పాలు పడనివాళ్లలో చాలామందికి పెరుగు, మజ్జిగ పడతాయి. నెయ్యిలో లాక్టోజ్ దాదాపు ఉండదు. పాలకోవా మాత్రం పాలని ఇగరబెట్టింది, అందులో ఎక్కువే. కూల్ డ్రింకులు, పళ్లరసాలు కూడా ఈ రోజుల్లో వద్దు, తీపి ఎక్కువైతే అదీ నీటిని లాగుతుంది. ఒక పెద్దావిడ చోడి అంబలి తాగొచ్చా అని అడిగారు, హాయిగా తాగొచ్చు, మజ్జిగ కలుపుకుని మరీ. తరవాణి అయితే నీళ్లు కాచి చల్లార్చినవి పోసి పెట్టండి, మళ్లీ కొత్త క్రిమి తెచ్చుకోవడం ఎందుకు.

మాస్టారికి మందు రాయలేదు. రెండు వారాలు పాలు, పాలపొడి, కోవా మానేయమన్నాను. పాలులేని టీ, పెరుగు మామూలే. నాలుగైదు రోజుల్లో గ్యాస్ తగ్గింది, పదో రోజుకి విరేచనం కట్టుబడింది. తర్వాత అరగ్లాసు పాలు ఉత్తకడుపుతో కాకుండా టిఫిన్‌తో కలిపి తాగి చూడమన్నాను. తేడా లేకపోతే కొద్దికొద్దిగా పెంచాలి, మళ్లీ గుడగుడ మొదలైతే ఇంకో రెండు వారాలు ఆగాలి. రెండు వారాలు కచ్చితంగా మానేసినా వీసమెత్తు తేడా రాకపోతే తప్పు పాలది కాదు, మళ్లీ మొదలుపెట్టేయండి. ఊరికే జీవితాంతం పాలు మానేసేవాళ్లని చూస్తుంటాను, అది అనవసరం. తల్లిపాలు తాగే పసిపాపకి విరేచనాలైతే మాత్రం ఈ లెక్క వర్తించదు, తల్లిపాలు ఆపకూడదు.

కానీ మాస్టారికి ఒకటి మిగిలిపోయింది. విరేచనం కట్టుబడింది, టిఫిన్ తినగానే అర్జెంటుగా వెళ్లాలనిపించడం మాత్రం పోలేదు. తినగానే పెద్దపేగు కదలడం అందరికీ ఉండేదే. ఇన్‌ఫెక్షన్ తగ్గాక కొన్నాళ్లు పేగు గోడలో కొద్దిపాటి వాపు మిగిలి ఉంటుంది, అక్కడి నరాలు ఉలికిపాటుగా ఉంటాయి, మామూలు కదలికని కూడా నొప్పిగా, తొందరగా చూపిస్తాయి. దానికి బస్సు టెన్షన్ తోడైతే ఇంకా పెరుగుతుంది. ఇది మనసు కల్పించుకున్నది కాదు. ఇది నెలల తరబడి సాగితే ఇన్‌ఫెక్షన్ తర్వాత వచ్చే ఐబీఎస్ అంటాం, పేగుల ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్లలో పదిమందిలో సుమారు ఒకరికి వస్తుంది. మొదటి జబ్బు ఎంత తీవ్రంగా ఉంటే, ఎన్ని ఎక్కువ రోజులు ఉంటే, అంత అవకాశం.

దీనికి పెద్ద సాక్ష్యం కెనడాలోని వాకర్టన్ అనే చిన్న ఊరు. 2000 మే నెలలో పెద్ద వానలకి పశువుల పేడ ఊరి బావిలోకి కొట్టుకొచ్చి, తాగునీళ్లలో ఈ.కోలి, కాంపిలోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా కలిశాయి. రెండు వేలమందికి పైగా జబ్బుపడ్డారు, ఏడుగురు చనిపోయారు. డాక్టర్లు ఆ ఊరివాళ్లని ఏళ్లతరబడి గమనిస్తూ వచ్చారు. రెండు మూడేళ్ల తర్వాత జబ్బుపడినవాళ్లలో నూటికి 28 మందికి ఐబీఎస్ లక్షణాలున్నాయి, ఎనిమిదేళ్లకి అది 15కి దిగింది. అంత భయంకరమైన ఇన్‌ఫెక్షన్ తర్వాత కూడా చాలామందికి దానంతట అదే తగ్గుతూ వచ్చిందన్నమాట. మాస్టారు టిఫిన్ అరగంట ముందుకి జరిపి, ఇంట్లోనే పని కానిచ్చుకుని బయల్దేరడం మొదలుపెట్టారు, అదే ఆయనకి ఎక్కువ పనిచేసింది.

ఇప్పుడా స్ట్రిప్ సంగతి. క్రిమి ఎప్పుడో పోయింది, ఇంకో కోర్సు యాంటీబయాటిక్ వేసుకుంటే చచ్చేది పెద్దపేగులో మనకి పనికొచ్చే బ్యాక్టీరియానే. దాంతో విరేచనాలు ఇంకో వారం పెరుగుతాయి, అవి చూసి మూడో స్ట్రిప్ కొంటారు. కొన్న బిళ్లలు ఇంట్లో ఉంటే వేసుకోకండి, చీటీ పట్టుకుని వచ్చి చూపించండి, ఏం వాడారో నాకు తెలియాలి.

అంతా ఇదేనని సరిపెట్టుకోకూడని కేసులూ ఉన్నాయి. విరేచనంలో రక్తం పడటం, జ్వరం మళ్లీ రావడం, బరువు తగ్గడం, నిద్రలోంచి లేచి మరీ వెళ్లాల్సి రావడం, నలభై ఐదు, యాభై దాటాక మొదటిసారి ఇలా మొదలవడం, వీటిలో ఏదున్నా ఆగొద్దు. ఏమీ లేకపోయినా నాలుగు వారాలు దాటితే రండి. బావి నీళ్లో, చెరువు నీళ్లో తాగేవాళ్లలో నేను ముందు వెతికేది జియార్డియా అనే పరాన్నజీవిని. అది వైరస్‌లా వారంలో పోదు, పేగు గోడకి అతుక్కుని వారాల తరబడి ఉంటుంది. విరేచనం జిడ్డుగా, భరించలేని వాసనతో, నీళ్లమీద తేలుతుంది, కుళ్లిన గుడ్డు వాసనతో తేన్పులొస్తాయి, మనిషి చిక్కిపోతాడు. దీనికి మాత్రం సరైన మందు వాడాలి. చిక్కేమిటంటే ఆ పరాన్నజీవి రోజూ విరేచనంలో బయటికి రాదు. ఒక్క రోజు పరీక్ష చేయించి రిపోర్టులో ఏమీ లేదంటే నమ్మేయకండి, వేరువేరు రోజుల్లో మూడు శాంపిళ్లు ఇవ్వండి, డబ్బా మీద తేదీ, టైం రాసి, తొందరగా ల్యాబ్‌కి చేర్చండి.